ఏట్రియంలో సౌండ్ ఉంది, మాట అర్థం కావడం లేదు: వాయిస్ అలారం స్పీకర్లు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఏడంతస్తుల ఆఫీసు బిల్డింగ్. మధ్యలో ఏట్రియం: 30 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు, 28 మీటర్ల ఎత్తు. పైన గ్లాస్ రూఫ్, కింద గ్రానైట్, చుట్టూ ఆరు అంతస్తుల కారిడార్లు ఏట్రియంలోకి తెరిచే ఉంటాయి. వాయిస్ అలారం స్పీకర్లు 8 రూఫ్ ట్రస్‌కి బిగించారు. టెస్టింగ్‌లో కింద 85 డెసిబెల్స్ వచ్చింది, మాట ఎంత తెలివిడిగా చేరుతుందో చెప్పే ఎస్‌టీఐ అంకె మాత్రం 0.31. కాంట్రాక్టర్ ఇంకో 8 పెట్టాడు. సౌండ్ 88 అయింది, ఎస్‌టీఐ 0.29కి పడిపోయింది. మారుమోత సమయం 4.5 సెకన్లు అని కొలిచారు. మామూలు రొద 62 డెసిబెల్స్. కన్సల్టెంట్ 0.5 కావాలంటున్నారు. ఇంకా పెద్ద యాంప్లిఫైయర్ పెడితే వస్తుందా?

సమాధానం:

రాదండి. యాంప్లిఫైయర్ మీద ఇక రూపాయి కూడా ఖర్చు పెట్టించకండి. స్పీకర్లు రెట్టింపు చేస్తే సౌండ్ 3 డెసిబెల్స్ పెరిగింది, మాట మాత్రం ఇంకా చెడింది. బయటి రొద వల్ల మాట వినపడకపోతే, సౌండ్ పెంచినప్పుడు ఎస్‌టీఐ కూడా పెరగాలి. మీ దగ్గర రొద 62, మాట 88. అంటే మాట 26 డెసిబెల్స్ పైనే ఉంది. ఎస్‌టీఐ లెక్కలో 15 డెసిబెల్స్ దాటాక ఎంత పెంచినా లాభం ఉండదు. మరీ బిగ్గరైతే చెవిలోనే ఒక శబ్దం ఇంకోదాన్ని కప్పేస్తుంది కాబట్టి కాస్త తగ్గుతుంది కూడా. మీ మాటను ముంచుతున్నది మీ స్పీకర్ల శబ్దమే, గాజుకీ గ్రానైట్‌కీ తగిలి తిరిగొచ్చే మారుమోత.

ఇరవై ఏళ్లుగా వాయిస్ అలారం కమిషనింగ్ చేస్తున్నాను. నా మొదటి ఏట్రియంలో నేనూ స్పీకర్లను రూఫ్‌కే పెట్టించాను. ఆర్కిటెక్ట్ స్తంభాల మీద ఏమీ కనపడకూడదన్నారు, నేను సరేనన్నాను. డ్రిల్ రోజు మూడో అంతస్తు వాళ్లు బయటికొచ్చి, ఏం చెబుతున్నారో విందామని రైలింగ్ మీదికి వంగి నిలబడ్డారు. పొగ పైకి లేచే చోట, కదలాల్సిన సమయంలో, మనుషులు ఆగిపోయి చెవులు రిక్కించారు. అది చూశాక ఏట్రియం డ్రాయింగ్‌లో రూఫ్ మీద స్పీకర్ గుర్తు కనిపిస్తే నేను సంతకం పెట్టడం మానేశాను.

ముందు ఎస్‌టీఐ ఏం కొలుస్తుందో చూద్దాం, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. మనం మాట్లాడేటప్పుడు శబ్దం ఒకే మట్టంలో ఉండదు, ప్రతి అక్షరానికీ లేచి పడుతుంది. ఆ లేవడం, పడటమే మాట. రెండు అక్షరాల మధ్య ఉండే చిన్న లోయ పూడిపోతే మాట పోయినట్టే. ఐఈసీ 60268-16 ప్రమాణంలోని పద్ధతి సరిగ్గా ఆ లోయలు చెవి దగ్గరికి వచ్చేసరికి ఎంత మిగిలాయో కొలిచి, 0 నుంచి 1 మధ్య ఒక అంకెగా చెబుతుంది. రొద వల్ల పూడినా, మారుమోత వల్ల పూడినా అంకె పడిపోతుంది.

మన భాషలోనే ఒక ఉదాహరణ తీసుకోండి. "లిఫ్ట్ వాడండి", "లిఫ్ట్ వాడకండి". ఈ రెండిటికీ తేడా ఒక్క "క". ఆ "క" ఒక చిన్న టక్కుమనే శబ్దం, దానికి ముందు క్షణకాలం నిశ్శబ్దం. మారుమోత సమయం 4.5 సెకన్లంటే శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి అంత సమయం పడుతుందని అర్థం. అంటే సెకనుకు సుమారు 13 డెసిబెల్స్. సెకనులో పదో వంతులో తగ్గేది 1.3 డెసిబెల్స్ మాత్రమే. "డ"లోని అచ్చు ఇంకా హాల్లో మోగుతూ ఉండగానే "క" వచ్చి, దానిలో మునిగిపోతుంది. వినేవాడికి "వాడ...అండి" లాంటిదేదో చేరుతుంది. లిఫ్ట్ వాడమన్నారా, వద్దన్నారా? అందుకే రికార్డింగ్ స్క్రిప్టులో నేను "వాడకండి", "వెళ్లకండి" ఉంచను. "లిఫ్టులు వద్దు. మెట్ల మీదుగా దిగండి" అని రాయిస్తాను. "వద్దు" విడి మాటగా గట్టిగా పడుతుంది. ఏమీ ఖర్చు లేని మార్పు ఇది, ఈ వారమే చేసేయొచ్చు.

ఇప్పుడు స్పీకర్ల సంగతి. వినేవాడికి రెండు శబ్దాలు చేరతాయి: స్పీకర్ నుంచి నేరుగా వచ్చేది ఒకటి, హాలంతా తిరిగి నిండిపోయిన మారుమోత ఇంకొకటి. నేరు శబ్దం దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది, దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పోతాయి. మారుమోత మాత్రం హాల్లో ఎక్కడ నిలబడినా ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటుంది. కాబట్టి స్పీకర్ నుంచి కొంత దూరంలో రెండూ సమానమయ్యే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని క్రిటికల్ డిస్టెన్స్ అంటారు. దాని లెక్క ఇది:

```
Dc = 0.057 × √( Q × V / (N × T) )
```

V హాలు ఘనపరిమాణం, మీకు 30 × 24 × 28, అంటే 20,160 ఘనపు మీటర్లు. T మారుమోత సమయం, 4.5 సెకన్లు. Q అంటే స్పీకర్ శబ్దాన్ని ఎంత ఇరుకుగా ఒకే వైపు పంపుతుందో చెప్పే అంకె. అన్ని వైపులకూ సమానంగా పంపితే 1, మామూలు పెట్టె స్పీకర్‌కి మాట ఉండే ఫ్రీక్వెన్సీల్లో 5 దరిదాపుల్లో, మంచి ప్రొజెక్టర్‌కి 10, మీటరున్నర పొడవుండే కాలమ్ స్పీకర్‌కి 16 వరకూ అనుకోవచ్చు. N ఒకే మట్టంలో మోగే స్పీకర్ల సంఖ్య. ఈ N చాలామంది మర్చిపోయే అక్షరం. మీ ముందున్న ఒక్క స్పీకరే మీకు నేరు శబ్దం ఇస్తుంది, మారుమోతను మాత్రం అన్ని స్పీకర్లూ కలిసి నింపుతాయి.

మీ పాత అమరిక వేసి చూద్దాం. Q 10, N 8 అయితే Dc సుమారు 4.3 మీటర్లు. రూఫ్ నుంచి కింద నిలబడ్డ మనిషి చెవికి 26 మీటర్ల పైచిలుకు. అంటే అక్కడ నేరు శబ్దం మారుమోత కంటే దాదాపు 16 డెసిబెల్స్ కింద ఉంది, లేనట్టే లెక్క. నేరు శబ్దం అసలే లేకుండా వట్టి మారుమోతలో, 4.5 సెకన్లకు ఎస్‌టీఐ ఎంతొస్తుందని లెక్కేస్తే 0.28 వస్తుంది. మీరు కొలిచింది 0.31. ఇంకో 8 పెట్టాక ఆ తేడా 19 డెసిబెల్స్ అయింది, 0.29 వచ్చింది. ఇంకో 16 పెడితే 0.28 చూస్తారు. లెక్కా కొలతా ఇంత దగ్గరగా ఉన్నాయంటే మీటర్ తప్పు కాదు, వైరింగ్ తప్పు కాదు. పెట్టిన చోటే తప్పు.

కావలసిందేమిటో కూడా ఇదే లెక్క చెబుతుంది. ఇలాంటి పొడుగాటి మారుమోత ఉన్న హాల్లో నేరు శబ్దం, మారుమోత సమానంగా ఉంటే ఎస్‌టీఐ 0.53 ప్రాంతంలో ఉంటుంది. నేరు శబ్దం 3 డెసిబెల్స్ తగ్గితే 0.45. కాబట్టి మనిషి నిలబడే ప్రతి చోటా నేరు శబ్దాన్ని మారుమోతకు సమానం చేయడమే మన పని. దానికి మూడే దారులు: స్పీకర్‌ని మనిషికి దగ్గర చేయడం, శబ్దాన్ని మనిషి మీదే పడేలా తిప్పడం, హాలు శబ్దాన్ని పీల్చుకునేలా చేయడం. మీ హాలుకి మూడూ కావాలి, ఒక్కదానితో అవదు.

డిజైన్ మార్చే ముందు కాంట్రాక్టర్‌ని ఒప్పించడానికి సైట్‌లో రెండు పరీక్షలు చేయండి, గంట చాలు. మొదటిది, 16 స్పీకర్లూ మోగుతుండగా ఒక చోట ఎస్‌టీఐ కొలిచి, వాల్యూమ్ 6 డెసిబెల్స్ తగ్గించి మళ్లీ అక్కడే కొలవండి. అంకె కదలకపోతే తప్పు మారుమోతది. తగ్గితే రొదది. పెరిగితే స్పీకర్ దగ్గరో యాంప్లిఫైయర్ దగ్గరో శబ్దం వికృతమవుతోందని, లేదా మరీ బిగ్గరగా ఉందని. రెండోది, ఏ కారిడార్‌లోనైనా ఒక మామూలు స్పీకర్‌ని రెండు మీటర్ల ఎత్తులో స్టాండ్ మీద పెట్టి, రూఫ్ స్పీకర్లన్నీ ఆపి, మూడు మీటర్ల దూరంలో కొలవండి. ఒకే ఒక్క చిన్న స్పీకర్, సౌండ్ 70 దగ్గరే ఉన్నా, ఎస్‌టీఐ 0.6 దాటడం వాళ్ల కళ్లతో చూస్తారు. నా అనుభవంలో ఎంత వివరించినా కదలని వాళ్లు ఈ రెండో పరీక్ష దగ్గర కదులుతారు.

ఇక అమరిక. రూఫ్ స్పీకర్లు పూర్తిగా తీసేయించండి, ఆపి ఉంచడం కూడా వద్దు. ఉంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు మళ్లీ కలుపుతారు. ఏట్రియం మధ్యలో ఉన్న ఆ పాతిక మీటర్ల గాలిలో వినేవాళ్లు ఎవరూ లేరు. అక్కడికి పంపిన ప్రతి వాట్టూ మారుమోతగానే తిరిగొస్తుంది. మనుషులున్నది రెండు చోట్ల: గ్రౌండ్ ఫ్లోర్‌లో, కారిడార్లలో. ఆ రెండిటినీ వేరువేరుగా చూడాలి.

గ్రౌండ్ ఫ్లోర్‌కి నాలుగు కాలమ్ స్పీకర్లు చాలు. 30 మీటర్ల పొడవు వైపు స్తంభాల మీద ఒక్కో పక్క రెండేసి, ఎదురెదురుగా. ఒక్కోటీ 12 మీటర్లు, అంటే మధ్య గీత దాకా కవర్ చేస్తుంది. కాలమ్ స్పీకర్‌లో చిన్న డ్రైవర్లు నిలువుగా వరుసలో ఉంటాయి కాబట్టి శబ్దం పైకీ కిందికీ చెదరకుండా పలుచని పొరలా అడ్డంగా వెళ్తుంది. ఆ పొర మనుషుల తలల ఎత్తులో పడాలి. స్పీకర్ అడుగు భాగం నేల నుంచి రెండున్నర మీటర్ల దగ్గర పెట్టి, కొద్దిగా కిందికి వంచి, గురి మాత్రం దూరంగా మధ్య గీత దగ్గర నిలబడే వాళ్ల మీద పెట్టండి. దగ్గరున్న వాళ్లు గురి తప్పి ఉంటారు, దూరం వాళ్లు గురిలో ఉంటారు, అందువల్ల ఇద్దరికీ సౌండ్ దాదాపు సమానమవుతుంది. చాలాచోట్ల నాలుగు మీటర్ల ఎత్తులో నిటారుగా బిగించి వదిలేస్తారు. అప్పుడు ఆ పొర నేరుగా వెళ్లి ఎదుటి గాజుకు తగులుతుంది, డబ్బులు పెట్టి కొన్న Q వృథా.

లెక్క చూడండి: Q 16, N 4 అయితే Dc 7.6 మీటర్లు. 12 మీటర్ల దూరంలో ఒక్క స్పీకర్ నేరు శబ్దం మారుమోత కంటే 4 డెసిబెల్స్ కింద ఉంటుంది. కానీ మధ్య గీత దగ్గర ఎదురెదురు స్పీకర్లు రెండూ ఒకేసారి చేరతాయి కాబట్టి 3 డెసిబెల్స్ కలిసొచ్చి, తేడా 1కి తగ్గుతుంది. మరి ఒక స్పీకర్‌కి దగ్గరగా ఉన్నవాడి సంగతి? అతను ఈ స్పీకర్‌కి 3 మీటర్లలో ఉంటే ఎదుటిది 21 మీటర్లలో ఉంటుంది. ఆ రెండో శబ్దం 52 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఇంత ఆలస్యం సాధారణంగా ప్రతిధ్వనిలా వినిపించే ప్రమాదం ఉంది, కానీ దూరం వల్లే అది 17 డెసిబెల్స్ తక్కువగా వస్తుంది కాబట్టి ఇబ్బంది పెట్టదు. ఎదురెదురు స్పీకర్ల అమరికలో ఈ చిన్న లెక్క ప్రతిసారీ వేయాలి. ఇదే హాలు వెడల్పు 50 మీటర్లయితే నేను ఎదురెదురు పెట్టను.

కారిడార్లు వేరే కథ. ఫాల్స్ సీలింగ్ మూడు మీటర్లు, చెవి 1.6 మీటర్లు. కాబట్టి మనిషి సీలింగ్ స్పీకర్‌కి ఎప్పుడూ దగ్గరే. నాలుగు మీటర్లకు ఒకటి చొప్పున, ఒక్కో స్పీకర్ తీసుకునే వాట్లు, అంటే ట్యాపింగ్, తక్కువగా పెట్టి, అన్నీ మెల్లగా మోగాలి. ఎక్కడ పెట్టాలన్నదే ముఖ్యం: రైలింగ్ వైపు కాదు, ఆఫీసు గోడ వైపు. రైలింగ్ అంచున పెట్టిన స్పీకర్ సగం శబ్దాన్ని ఏట్రియంలోకి పారబోస్తుంది, ఎదుటి కారిడార్‌లో అది 24 మీటర్లు దాటి 70 మిల్లీసెకన్ల తర్వాత ప్రతిధ్వనిగా వినిపిస్తుంది. గోడ వైపు పెడితే శబ్దం కారిడార్‌లోనే తిరిగి, అక్కడే పీల్చుకోబడుతుంది.

పీల్చుకోబడుతుంది అన్నాను కదా, దానికి పీల్చుకునే సీలింగ్ ఉండాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "దగ్గరగా చిన్న స్పీకర్లు చాలా పెడితే చాలు" అని చాలామంది అనుకుంటారు. పైన ఉన్న ఫార్ములాలో N వంద దాటితే ఏమవుతుందో వేసి చూడండి. దూరం రెండు మీటర్లే అయినా Dc అంతకంటే తక్కువైపోతుంది. ఆరు అంతస్తుల స్పీకర్లన్నీ గట్టి జిప్సం సీలింగ్ కింద మోగితే, ఆ శబ్దమంతా ఏట్రియంలోకి పొంగి, మీ కాలమ్ స్పీకర్ల పనిని కూడా చెడగొడుతుంది. కారిడార్ సీలింగ్ చిల్లుల పలకలతో, వాటి వెనక మినరల్ వూల్‌తో ఉండాలి. మంటకు అంటుకోని రకమే, ఫోమ్ మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. పొగ నుంచి మనుషుల్ని కాపాడే సిస్టమ్ కోసం పొగ పుట్టించే సామాను బిగించలేం.

ఆ సీలింగ్ ఎంత కావాలో సాబీన్ లెక్కతో తేలుతుంది. వాలెస్ సాబీన్ అనే ఆయన హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో మాట అర్థం కావడం లేదంటే, సీట్ల కుషన్లు లోపలికీ బయటికీ మోయిస్తూ కనిపెట్టిన సంబంధం అది: 0.161ని ఘనపరిమాణంతో గుణించి, మారుమోత సమయంతో భాగిస్తే, హాలు మొత్తం పీల్చుకునే శక్తి చదరపు మీటర్లలో వస్తుంది. మీ హాలుకి ఇప్పుడు అది సుమారు 720. మారుమోతను 3 సెకన్లకు దించాలంటే 1,080 కావాలి. లోటు 360. తనకు తగిలిన శబ్దంలో 85 శాతం పీల్చే పలకలైతే 425 చదరపు మీటర్లు. మీ కారిడార్ వెడల్పు నాలుగు మీటర్లనుకుంటే ఒక్క అంతస్తు సీలింగే అంతకంటే కాస్త ఎక్కువ. ఆరు అంతస్తులున్నాయి. కారిడార్ సీలింగ్‌కి ఏట్రియంలోని శబ్దం పూర్తిగా తగలదు కాబట్టి అది లెక్కలో చెప్పినంత పని చేయదు. అందుకే ఒక్క అంతస్తుతో సరిపెట్టకుండా ఆరింటికీ చేయించండి. 3 సెకన్లకు వస్తే గ్రౌండ్ ఫ్లోర్‌లో నేరు శబ్దానికి ఇంకో 1.8 డెసిబెల్స్ కలిసొస్తాయి. కారిడార్ల నుంచి పొంగే శబ్దం వల్ల అందులో కొంత పోతుంది. అంతా కలిపితే నాకు మధ్య గీత దగ్గర 0.5 కాస్త అటూ ఇటూగా కనిపిస్తోంది. సీలింగ్ ముట్టుకోకుండా వట్టి కాలమ్ స్పీకర్లతో అయితే 0.44 దగ్గర ఆగిపోతుంది. మీ మేనేజ్‌మెంట్ "సీలింగ్ తర్వాత చూద్దాం" అంటే ఈ రెండు అంకెలూ వాళ్ల ముందు పెట్టండి.

కన్సల్టెంట్‌ని కూడా ఒక మాట అడగండి: 0.5 అంటే ప్రతి పాయింటు దగ్గరా అనా, సగటునా? అమెరికా ఫైర్ అలారం ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 అనుబంధంలో చెప్పింది సగటు 0.50, కొలిచిన చోట్లలో 90 శాతం 0.45కి తగ్గకూడదని. స్పెసిఫికేషన్‌లో ఇది ముందే తేల్చుకోకపోతే, ఎస్కలేటర్ కింద ఒక మూల 0.47 వచ్చిందని హ్యాండోవర్ నెలలపాటు ఆగిపోతుంది.

సెట్టింగుల్లో మూడు విషయాలు. ఒకటి, సౌండ్ తగ్గించండి. మామూలు రొద 62 అంటే 77 చాలు. కానీ పొగను బయటికి లాగే ఫ్యాన్లు మంటల సమయంలో తిరుగుతుంటాయి, కాబట్టి ఆ ఫ్యాన్లు ఆన్ చేయించి రొద మళ్లీ కొలిచి, దాని మీద 15 పెట్టుకోండి. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి మాత్రమే టెస్ట్ చేసి పాస్ చేసిన సిస్టమ్స్, ఫ్యాన్లు తిరిగితే ఫెయిలవడం నేను చూశాను. రెండు, 200 హెర్ట్జ్ కింద శబ్దాన్ని కోసేయండి. అక్కడ మాట తెలివిడికి పనికొచ్చేది తక్కువ, కాలమ్ స్పీకర్ కూడా ఆ లోతుల్లో శబ్దాన్ని ఒకవైపుకి పట్టి ఉంచలేదు. ఆ బరువైన మోత అంతా హాలును నింపడానికే పోతుంది. మూడు, అలారం టోన్ ఆగగానే మాట మొదలుపెట్టకండి. 4.5 సెకన్ల హాల్లో రెండు సెకన్లు ఆగితే టోన్ మోత 27 డెసిబెల్స్ తగ్గుతుంది, అప్పుడు మొదటి మాట శుభ్రంగా వినిపిస్తుంది. చాలా సిస్టమ్స్‌లో ఆ విరామం అర సెకనే ఉంటుంది, "దయచేసి గమనించండి"లో "దయచేసి" ప్రతిసారీ పోతుంది. అలాగే మాట వస్తున్నంతసేపూ మామూలు ఫైర్ హూటర్లు మోగకూడదు. రెండూ వేర్వేరు ప్యానెళ్ల నుంచి నడిచే బిల్డింగుల్లో ఈ లింకు మర్చిపోతారు.

రికార్డింగ్ గురించి ఇంకొంచెం. మనకు తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ కావాలి. మాతృభాష కాని భాషలో విన్నప్పుడు అదే స్థాయిలో అర్థం కావడానికి ఎక్కువ ఎస్‌టీఐ కావాలని ఆ ఐఈసీ ప్రమాణమే చెబుతుంది. 0.5 హాల్లో ఇంగ్లిష్ మాతృభాషైన వాడికి అర్థమైన వాక్యం, హౌస్‌కీపింగ్‌లో పనిచేసే అమ్మాయికి అర్థం కాకపోవచ్చు. అందుకని ముందు తెలుగు పెట్టండి, ప్రతి భాషలోనూ నాలుగైదు మాటలకు మించని వాక్యాలు, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక సెకను పైగా విరామం. మారుమోత లేని చిన్న గదిలో, తాపీగా చదివే గొంతుతో రికార్డ్ చేయించండి. కాన్ఫరెన్స్ రూమ్‌లో ఫోన్‌తో రికార్డ్ చేసిన ఫైలుకి దాని సొంత మారుమోత ఉంటుంది, అది స్పీకర్ బయటికి రాకముందే మాటను కొంత తినేస్తుంది.

ఏట్రియంలోకి తెరిచిన అంతస్తులన్నీ ఒకే జోన్‌గా పెట్టండి. నాలుగో అంతస్తుకి "దిగండి", రెండో అంతస్తుకి "ఆగండి" అని ఒకేసారి వేస్తే గాలిలో రెండూ కలిసిపోతాయి. వేర్వేరు ర్యాకుల్లో యాంప్లిఫైయర్లుంటే మెసేజ్ అన్నింట్లోనూ ఒకే క్షణాన మొదలవుతుందో లేదో చెవితో చూడండి. పావు సెకను తేడా ఉన్నా పైన చేసిన లెక్కలన్నీ నీళ్లపాలే. స్పీకర్లను ఒకటి విడిచి ఒకటిగా రెండు సర్క్యూట్లకు కలపడం మీ కాంట్రాక్టర్‌కి తెలిసే ఉంటుంది. ఒక సర్క్యూట్ ఆపి కూడా కొలవండి, కాలమ్ స్పీకర్లు నాలుగే కాబట్టి ఏ రెండు ఏ సర్క్యూట్‌లో ఉన్నాయన్నది ముఖ్యం. ఎదురెదురు జంట రెండూ ఒకే సర్క్యూట్‌లో ఉంటే, ఆ లైను పోయినప్పుడు సగం హాలు మూగబోతుంది. ఎదురు మూలల్లో, ఐమూలగా ఉన్న రెండిటినీ ఒక సర్క్యూట్‌లో పెట్టించండి.

చివరగా కొలత. ఎస్‌టీఐ కొలవడానికి వాడే స్టిపా అనే పరీక్ష సిగ్నల్‌ని ప్యానెల్‌లోకి నేరుగా ఎక్కించి ఒకసారి, ఫైర్ కంట్రోల్ రూమ్ మైక్ ముందు చిన్న స్పీకర్ పెట్టి దాని ద్వారా ఇంకోసారి కొలవండి. ఈ రెండిటికీ తేడా ఎక్కువుంటే మైక్ గది మోగుతోందని, లేదా మైక్ లైన్లో ఆటోమేటిక్ లెవెల్ సర్దే సెట్టింగ్ ఏదో ఆన్‌లో ఉందని. ఒక్కో పాయింటుకి 15 నుంచి 20 సెకన్లు పడుతుంది. ఆ సమయంలో ఎవరైనా దగ్గినా, తలుపు దబ్‌మన్నా ఆ రీడింగ్ పనికిరాదు, మళ్లీ తీయాలి. ప్రతి పాయింటు దగ్గర రెండేసి తీయండి, 0.03 కంటే తేడా వస్తే మూడోది. నిలబడ్డ మనిషి చెవి ఎత్తులో, గోడకు మరీ ఆనకుండా. పాయింట్లను కాంట్రాక్టర్ ఎంచుకోనివ్వకండి, ప్లాన్ మీద గళ్లు గీసి మీరే ఇవ్వండి. గ్రౌండ్ ఫ్లోర్ మధ్య గీత, రిసెప్షన్ డెస్క్ వెనక, లిఫ్ట్ లాబీ నోరు, ప్రతి అంతస్తులో రైలింగ్ పక్కన ఒకటి, మెట్ల తలుపు దగ్గర ఒకటి. ఈ చోట్లు మాత్రం ఆ గళ్లలో తప్పక పడాలి. రైలింగ్ దగ్గర సీలింగ్ స్పీకర్ దూరమవుతుంది, ఏట్రియం మోత దగ్గరవుతుంది. మీ బిల్డింగ్‌లో అన్నిటికంటే తక్కువ అంకె అక్కడే వస్తుందని నా అంచనా. ఆ పాయింట్లలో 0.45 రాకపోతే ఆ కారిడార్‌లో గోడ వైపు వరుసను మీటరు ముందుకు జరిపి మళ్లీ కొలవండి. కేబుల్‌లో ఆ మీటరు స్లాక్ ఇప్పుడే వదిలించండి.

కొలిచాక అంతస్తులవారీగా అంకెలు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.